పారిపోయిన మిరియం, పారిపోని క్రిమి

ప్రశ్న: మా మనవడికి పదేళ్ళు. నీళ్ళ పళ్ళెంలో మిరియాల పొడి చల్లి, సబ్బు రాసిన వేలు ముంచితే పొడి అంతా అంచులకు పోవడం బడిలో చూపించారట. ఇంటికొచ్చి నాకూ చేసి చూపించి, ‘చూశావా అవ్వా, సబ్బంటే క్రిములకు ఎంత భయమో’ అన్నాడు. ‘పారిపోయి ఎక్కడికి పోతాయిరా అబ్బయ్యా, అరచేతి మీద నుంచి మోచేతికి పోతాయా?’ అని అడిగాను. వాడు బిక్కమొహం వేశాడు. జవాబు నాకూ తెలియదు. మా చిన్నతనంలో పొయ్యి బూడిదతోనే చేతులు కడుక్కున్నాం. పైగా మా బోరు నీళ్ళకు సబ్బు సరిగా నురగే రాదు. అలాంటప్పుడు కడిగినా క్రిములు పోతాయా? వాడికి నేనేమని చెప్పాలి?
– ఒక అవ్వ, కావలి దగ్గర పల్లె, నెల్లూరు జిల్లా

సమాధానం:

అమ్మా, మీరు వేసిన ప్రశ్నకు ఆ ప్రయోగంలో జవాబు లేదు కాబట్టే మీ మనవడికి మాట తోచలేదు. తప్పు వాడిది కాదు. ముప్పై ఏళ్ళు మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసిన నేను కూడా, పిల్లలకు చేతుల శుభ్రత గురించి చెప్పడానికి వెళ్ళిన ప్రతిచోటా ఈ మిరియాల ఆటనే ఆడి చూపించాను. ఒక బడిలో నాలుగో తరగతి పాప ముందుకు వచ్చి, అదే పళ్ళెంలో మళ్ళీ మిరియాల పొడి చల్లి, మళ్ళీ సబ్బు వేలు ముంచింది. ఈసారి పొడి కదలలేదు, పైగా కొంత అడుక్కి దిగిపోయింది. ‘ఇప్పుడు వీటికి భయం పోయిందా సార్?’ అని ఆ పాప అడిగినప్పుడు నా దగ్గర ఉన్నవి పాఠంలోని మాటలే తప్ప ఆ పిల్లకు పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఆ రోజుతో ఆ ఆటను మానేశాను.

మీరు కూడా ముందుగా వాడి చేత ఇదే చేయించండి. నీళ్ళు మార్చకుండా, పళ్ళెం కడగకుండా, రెండోసారి పొడి చల్లి, వేలు ముంచమనండి. సబ్బుకు భయపడే గుణం మిరియానికే ఉంటే రెండోసారీ పారిపోవాలి కదా. పారిపోదు. ఎందుకంటే మొదటిసారి కదిలింది మిరియం కాదు, నీటి పైపొర. నీటి పైభాగం నాలుగు వైపులా సమానంగా లాగి కట్టిన పలుచని గుడ్డలా బిగువుగా ఉంటుంది. మధ్యలో సబ్బు తగిలిన చోట ఆ బిగువు సడలుతుంది, అంచుల దగ్గర మాత్రం అలాగే ఉంటుంది. బిగువుగా ఉన్న పక్క సడలిన పక్కను తనవైపు లాక్కుంటుంది, దాని మీద తేలుతున్న పొడి కూడా దానితో పాటు పోతుంది. సబ్బు నీటి పైనంతా పరుచుకున్న తర్వాత ఇక లాగడానికి బిగువు మిగలదు కనుక రెండోసారి ఏమీ జరగదు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మిరియం నీటి మీద తేలుతోంది. మన చేతి మీద క్రిమి అలా తేలడం లేదు, అది అంటుకుని ఉంది. కాబట్టి పళ్ళెం మార్చాలి. పొడిగా ఉన్న ఒక స్టీలు పళ్ళేనికి పలుచగా వేరుశనగ నూనె పులిమి, దాని మీద మిరియాల పొడి చల్లి, ఇప్పుడు సబ్బు వేలు పెట్టమనండి. పొడి ఉన్నచోటనే ఉంటుంది. ఆ పళ్ళేన్ని ఉత్త కుళాయి నీళ్ళ కింద పట్టమనండి. పైపైన ఉన్న పొడి కొంత కొట్టుకుపోతుంది, నూనెలో ఇరుక్కున్నది పోదు, నీళ్ళు కూడా చుక్కలు చుక్కలుగా విడిపోయి జారిపోతాయి. ఆ తర్వాత సబ్బు రాసి, వేళ్ళతో బాగా రుద్ది, మళ్ళీ నీళ్ళు పోయమనండి. నూనె, పొడి రెండూ కలిసి పోతాయి. చేతులు కడిగినప్పుడు జరిగేది ఈ రెండో పళ్ళెంలోని పని.

ఇక్కడి నుంచి మాట్లాడడానికి మీ ఇంట్లో చేపల పులుసు వండిన రోజును ఎంచుకోండి. సంభాషణ దాదాపు ఇలా నడుస్తుందని నా ఊహ. పదేళ్ళ పిల్లలతో మాట్లాడిన అలవాటు ఉంది కాబట్టి, వాడు అడగబోయే ప్రశ్నలను కూడా ఇందులో చేర్చాను.

అన్నం తిన్న తర్వాత వాడిని ఉత్త నీళ్ళతో చెయ్యి కడుక్కోమని, ‘ఇప్పుడు వాసన చూడు’ అనండి.

‘చేప వాసన పోలేదవ్వా. చెయ్యి ఇంకా పచ్చగా, జారుడుగానే ఉంది.’

‘ఎందుకు పోలేదు? నీళ్ళు బాగానే పోశావు కదా.’

‘నూనె ఉంది కదా, అందుకు.’

‘పులుసు తినని రోజు నీ చేతికి నూనె ఉండదా?’

ఈ ప్రశ్న దగ్గర వాడు తప్పకుండా ‘ఉండదు’ అంటాడు. అప్పుడు వాడి బొటనవేలిని మీ కళ్ళజోడు అద్దం మీద గట్టిగా నొక్కించి, వెలుతురుకు పట్టి చూపించండి. అక్కడ పడిన ముద్ర జిడ్డుదే. మన ముఖం, తల ఎప్పుడూ జిడ్డును ఊరిస్తూనే ఉంటాయి, మనం తెలియకుండా వాటిని ముట్టుకుంటూనే ఉంటాం, ఆ జిడ్డు చెమటతో కలిసి చేతుల మీద పలుచని పొరగా నిలుస్తుంది. మనం పట్టుకున్న తలుపు గొళ్ళెం, డబ్బు నోటు, మేక పిల్ల, మరుగుదొడ్డి చెంబు, వీటి మీద ఉన్న క్రిములు ఆ పొరలోనూ, చర్మపు గీతల్లోనూ, గోళ్ళ కిందా ఇరుక్కుంటాయి. మామూలు బాక్టీరియా ఒకటి మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది కాబట్టి, వేలి మీద మనకు కనబడే సన్నటి గీత దానికి పెద్ద కాలువ. నీరు, నూనె కలవవు కనుక ఉత్త నీళ్ళు ఆ జిడ్డు పొర మీద నుంచి జారిపోతాయి. వదులుగా ఉన్న క్రిములు కొన్ని ఆ నీటితో పోయేమాట నిజమే, అందుకే నీళ్ళతో కడగడం అసలు కడగకపోవడం కంటే నయం. కానీ జిడ్డులో ఉన్నవి అక్కడే ఉంటాయి.

ఇక సబ్బు ఏం చేస్తుందో చెప్పడానికి పుస్తకాల్లో గీసే బొమ్మ ఒకటి ఉంటుంది, ఒక గుండ్రటి తల, దానికొక పొడుగాటి తోక. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు జిడ్డంటే ఇష్టం. అది సరైన బొమ్మే, కానీ మీ వైపు పిల్లలకు దానికంటే బాగా తెలిసినది నాట్లు వేసే మడి. మీరు వాడితో ఇలా అనవచ్చు.

‘వరి నారు నాటేటప్పుడు వేరు ఎక్కడుంటుంది?’

‘బురదలో.’

‘ఆకు?’

‘పైన, గాలిలో.’

‘సబ్బులో ఉండే ఒక్కొక్క అణువూ ఒక నారు మొక్క అనుకో. దాని వేరుకు జిడ్డు కావాలి, ఆకుకు నీళ్ళు కావాలి. నువ్వు సబ్బు రుద్దినప్పుడు కోట్లకొద్దీ వేళ్ళు నీ చేతి జిడ్డులోకి దిగుతాయి, ఆకులన్నీ నీళ్ళలోకి నిలబడతాయి. నారుమడిలో నారు పీకితే ఏమవుతుంది?’

‘వేళ్ళకు బురద పట్టుకుని వస్తుంది.’

‘అంతే. నీళ్ళు పోసినప్పుడు ఆకులను నీళ్ళు లాక్కుపోతాయి, వేళ్ళకు పట్టుకున్న జిడ్డు ముద్దలు ముద్దలుగా పైకి లేస్తుంది, ఆ జిడ్డులో ఉన్న క్రిములూ దానితో పాటు పోతాయి.’

ఈ పోలికలో ఒక్క లోపం ఉంది, వాడు తెలివైనవాడైతే పట్టుకుంటాడు. నారు మడిలో ఒకే వైపు నిలబడుతుంది, కానీ సబ్బు అణువులు జిడ్డు తునకను అన్ని వైపుల నుంచీ చుట్టుకుంటాయి, వేళ్ళన్నీ లోపలికి, ఆకులన్నీ బయటికి. పల్లేరు కాయలా చుట్టూ నిలబడిన ఆ చిన్న బంతి బయటి వైపంతా నీళ్ళను ఇష్టపడేదే కనుక నూనె అయి కూడా నీళ్ళలో కొట్టుకుపోగలదు. మీకు ఇందులో కొత్తదేమీ లేదు. తలంటు పోసుకున్నప్పుడు నూనె తలను కుంకుడు రసం వదిలించేది కూడా సరిగ్గా ఇలాగే. కుంకుడుకాయలో ఉండే సాపోనిన్ అనే పదార్థానికీ ఒక చివర నీటిని, ఒక చివర జిడ్డును పట్టే గుణం ఉంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న వస్తుంది. వాడు కచ్చితంగా అడుగుతాడు.

‘అవ్వా, మరి క్రిములు చచ్చిపోతాయా, బతికే ఉంటాయా?’

దీనికి ‘చచ్చిపోతాయి’ అని ఒక్క మాటలో చెప్పకండి, ఎందుకంటే అది సగమే నిజం. కొన్ని వైరసులకు పైన కొవ్వుతో చేసిన పలుచని తొడుగు ఉంటుంది. 2020లో మనల్ని ఇళ్ళలో కూర్చోబెట్టిన కరోనా వైరసుకూ, ఫ్లూ వైరసుకూ ఉన్నది అలాంటి తొడుగే. సబ్బు అణువుల వేళ్ళకు అది కూడా జిడ్డే కనుక అందులోకి చొరబడి తొడుగును చీల్చేస్తాయి, ఆ వైరసు ఇక పనికిరాకుండా పోతుంది. కానీ చిన్నపిల్లలకు నీళ్ళ విరేచనాలు తెప్పించే రోటా వైరసుకు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరసుకు, పోలియో వైరసుకు ఆ కొవ్వు తొడుగే లేదు. వాటి పైన ఉన్నది ప్రోటీనుతో చేసిన గట్టి పెంకు, దానిని మామూలు సబ్బు చీల్చలేదు. చాలా బాక్టీరియాలు కూడా అరనిమిషం సబ్బు నురగలో ఉండి బతికే బయటపడతాయి. నులిపురుగుల గుడ్లయితే సబ్బును లెక్కే చేయవు. అయినా చేతులు కడిగితే వీటన్నిటి నుంచీ మేలు కలుగుతుంది, ఎందుకంటే చావనివి కూడా చేతి మీద నుంచి కాలువలోకి పోతాయి.

కాబట్టి ‘పారిపోయి ఎక్కడికి పోతాయి’ అన్న మీ ప్రశ్నకు జవాబు ఇది: వాటంతట అవి ఎక్కడికీ పోవు, వాటిని జిడ్డుతో సహా ఊడదీసి నీళ్ళు మోసుకుపోవాలి, చాలావరకు బతికుండగానే. ఈ జవాబులో నుంచి ఇంకొక సంగతి దానంతట అదే బయటికి వస్తుంది. పెళ్ళిళ్ళలో, చుట్టాలింట్లో ఒకే గిన్నెలో నీళ్ళు పెట్టి అందరూ అందులో చేతులు ముంచి కడగడం ఉంటుంది చూడండి, అక్కడ మొదటివాడి చేతి మీద నుంచి వదిలినవి ఆ నీళ్ళలోనే ఉండి తర్వాతివాడి చేతికి చేరతాయి. కుళాయి లేకపోయినా ఫరవాలేదు, ఒకరు చెంబుతో పోస్తే చాలు, నీరు పై నుంచి కిందికి జారిపోవాలి. వాడు దీనికి కొనసాగింపుగా ‘మరి అందరూ ముట్టుకునే సబ్బు బిళ్ళ మీద క్రిములు ఉండవా?’ అని అడిగితే, ఉంటాయని ఒప్పుకోండి. కానీ రుద్ది కడిగినప్పుడు అవీ చేతి మురికితో పాటే పోతాయి, కావాలని క్రిములు పూసిన సబ్బు బిళ్ళతో చేతులు కడిగించి చూసిన పరీక్షల్లో కూడా అవి కడుక్కున్నవారి చేతులకు చేరలేదు. సబ్బు పెట్టెకు అడుగున బెజ్జాలుండి, బిళ్ళ నీళ్ళలో నానకుండా ఉంటే చాలు.

తర్వాతి మెట్టు ఎంతసేపు రుద్దాలన్నది. పెద్దవాళ్ళు ఇరవై సెకన్లు అని చెబుతారు, పిల్లలు మూడు సెకన్లలో ముగిస్తారు. ఈ వివాదాన్ని మాటలతో కాకుండా పసుపుతో తీర్చవచ్చు. ఒక చెంచా నూనెలో చిటికెడు పసుపు కలిపి, వాడి రెండు చేతులకూ ముందూ వెనకా పులమండి. తడి చేసి, సబ్బు రాసుకుని, వాడు ఎప్పుడూ కడుక్కునేటంత సేపే కడుక్కోమనండి. అప్పుడు తెల్లటి పాత గుడ్డను వేళ్ళ సందుల్లో, బొటనవేలి చుట్టూ, గోళ్ళ మొనల దగ్గర, మణికట్టు మీద విడివిడిగా అద్ది చూడండి. అరచేయి అద్దిన చోట గుడ్డ దాదాపు తెల్లగానే ఉంటుంది, ఎందుకంటే అందరం అరచేతిని అరచేతితోనే రుద్దుతాం. బొటనవేలి వెనక, వేళ్ళ సందుల్లో, గోళ్ళ చివర నూనె మరక పడుతుంది. అన్నం కలిపేది ఆ వేళ్ళ కొసలతోనే కదా. రెండోసారి అదే పసుపు నూనె రాసి, ఈసారి వాడిని తొందరపడకుండా రెండో ఎక్కం మొదలు నుంచి చివరి వరకు పైకి చెబుతూ రుద్దమనండి. ఒక్కో వరుసకు రెండు సెకన్లు పడితే, పది వరుసలకు ఇరవై సెకన్లు. అందులో ఒక్కొక్క బొటనవేలిని రెండో చేతి గుప్పిట్లో పట్టి తిప్పడం, వేళ్ళ కొసలను అరచేతిలో గీకడం కూడా ఉండాలి. ఇది రుద్దడానికి మాత్రమే. తడపడం, కడగడం, తుడవడం అన్నీ కలుపుకుంటే నిమిషం వరకు పడుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 40 నుంచి 60 సెకన్ల లెక్క మొత్తం పనికి సంబంధించినది. అద్దిన గుడ్డలో జిడ్డు తడి ఉందా లేదా అన్నదే చూడాలి, చర్మానికి పట్టిన లేత పసుపు రంగు ఎంత కడిగినా పూట వరకు ఉంటుంది, దానిని చూసి కడగలేదని వాడిని కోప్పడకండి.

ఈ ప్రయోగంలో సబ్బు తగలగానే పసుపు ఎర్రగా తిరుగుతుంది. వాడు ‘రక్తం!’ అని అరిచే అవకాశం ఉంది. మీరు పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతులు కాబట్టి దీన్ని వివరించే హక్కు నాకంటే మీకే ఎక్కువ. సున్నంలాగే మామూలు స్నానపు సబ్బు కూడా క్షారం, క్షారం తగిలితే పసుపు ఎరుపవుతుంది. పంపు నొక్కితే వచ్చే ద్రవ హ్యాండ్‌వాష్‌లు చాలావరకు క్షారం కాదు కనుక వాటితో అంత ఎరుపు రాదు. రెండింటినీ పక్కపక్కన పోల్చి చూస్తే వాడికి అదొక ముచ్చట.

మీ బూడిద సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కట్టెల బూడిద నీళ్ళలో కలిస్తే అదీ క్షారమే. చేతి జిడ్డులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి అది అక్కడికక్కడ కొద్దిగా సబ్బులాంటిదాన్ని తయారుచేస్తుంది, గరుకుదనం వల్ల రుద్దుడూ బాగా పడుతుంది. కాబట్టి మీ పెద్దవాళ్ళు చేసింది అర్థం లేని పని కాదు. అయితే దానిలో పుట్టే సబ్బు చాలా తక్కువ, చర్మాన్ని అది మండిస్తుంది కూడా. ఇంట్లో సబ్బు ఉన్నప్పుడు దానికి పని లేదు. సబ్బు దొరకని చోట పొయ్యిలోని శుభ్రమైన చల్లారిన బూడిద వాడవచ్చు, దొడ్లోని మట్టిని మాత్రం వాడకూడదు, అందులో పురుగుల గుడ్లూ ధనుర్వాతపు క్రిములూ ఉండవచ్చు.

ఇక నురగ. మీ లేఖలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, దీనికి చాలామంది ‘నురగ ముఖ్యం కాదు’ అని తేలిగ్గా జవాబు చెప్పేస్తారు. సబ్బు బిళ్ళ విషయంలో అది సరి కాదు. భూమి లోతుల్లో నుంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి, బడి పుస్తకంలో దానిని కఠిన జలం అంటారు. సబ్బు అణువుకు నీటిని ఇష్టపడే ఆ చివర ఉందే, దానిని ఒక కాల్షియం వచ్చి పట్టుకుంటుంది, ఒక్కొక్క కాల్షియం రెండేసి సబ్బు అణువులను కట్టేస్తుంది. అలా కట్టిపడిన సబ్బు నీటిలో కరగదు, తెల్లటి పొలుసులుగా విడిపోతుంది. మీ బకెట్ అంచులకు పట్టే తెల్లటి పొరలో, కుళాయి కింద బండ మీద పేరుకునే జిడ్డు తెట్టులో చాలావరకు అదే. ఆ సబ్బు జిడ్డును ఊడదీయలేదు, నురగనూ ఇవ్వలేదు. నీటిలో ఉన్న కాల్షియం అంతా ఇలా తృప్తి పడిన తర్వాత వేసిన సబ్బే పనికి మిగులుతుంది, అప్పుడే నురగ మొదలవుతుంది. అంటే బిళ్ళ సబ్బుతో కడిగేటప్పుడు నురగ అనేది ‘ఇంకా పనిచేసే సబ్బు ఉంది’ అని తెలిపే గుర్తు.

ఎంత సబ్బు వృథా అవుతుందో చూద్దాం. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. మీ బోరు నీరు ఆ 600 దగ్గర ఉందనుకుంటే, ఒక లీటరు నీరు దాదాపు మూడున్నర గ్రాముల సబ్బును మింగేస్తుంది, అంటే 100 గ్రాముల బిళ్ళ ముప్పై లీటర్లకు కూడా చాలదు. కానీ భయపడకండి, ఇందులోనే ఉపాయమూ ఉంది. చేతులు తడిపి దులిపితే వాటి మీద నిలిచే నీరు రెండు చెంచాలకు మించదు. ఆ రెండు చెంచాల నీటిలో ఉన్న కాల్షియానికి పోయే సబ్బు గ్రాములో ముప్పయ్యో వంతు, ఒక్కసారి బిళ్ళను రుద్దుకుంటే అంతకంటే చాలా ఎక్కువే చేతికి వస్తుంది. మీ మనవడు కుళాయి తిప్పి, పారే నీటి కింద సబ్బు రుద్దుకుంటూ ఉండి ఉంటాడు. అక్కడ నిమిషానికి ఐదారు లీటర్ల నీటితో కొత్త కాల్షియం వచ్చి, అప్పుడప్పుడే పుట్టిన నురగను చంపుతూ ఉంటుంది. వాడిని చేతులు తడిపి, కుళాయి కట్టేసి, ఆ కొద్దిపాటి తడితోనే సబ్బు రుద్దుకోమనండి. నురగ వస్తుంది. రాకపోతే మళ్ళీ ఒకసారి బిళ్ళ రుద్దాలి, నీళ్ళు మాత్రం కలపకూడదు. రుద్దడం పూర్తయ్యాకే కుళాయి తిప్పాలి. కడిగేటప్పుడు కాస్త తెల్లటి పొర పుట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అది చేతికి హాని చేయదు, ఇంకొంచెం నీళ్ళు పోస్తే పోతుంది.

ద్రవ హ్యాండ్‌వాష్‌లలో చాలావాటిని సబ్బుతో కాక డిటర్జెంటు జాతి పదార్థాలతో చేస్తారు, కాల్షియం వాటిని ఇంతగా కట్టేయలేదు. అందువల్ల బోరు నీళ్ళ ఇళ్ళలో అవి సులువు. అయితే క్రిములను చంపే మందు కలిపామని, 99.9 శాతం పోతాయని రాసి ఎక్కువ ధర పెట్టినదాన్నే కొనాల్సిన పని లేదు. అలా మందుగా కలిపే ట్రైక్లోసాన్ వంటి 19 పదార్థాలను, అవి మామూలు సబ్బు, నీళ్ళ కంటే మెరుగని తయారీదారులు రుజువు చేయలేదన్న కారణంతో, 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇళ్ళలో వాడే చేతి సబ్బుల నుంచి తీసేయమంది. 99.9 శాతాన్ని మీ మనవడికే లెక్కకు ఇవ్వండి: పది లక్షల క్రిముల్లో అంత శాతం పోతే మిగిలేవి వెయ్యి. చేతి మీద క్రిమి ఒక్కటీ లేకుండా చేయడం సబ్బు పని కాదు. మన చర్మం మీద ఎప్పుడూ కాపురం ఉండే సొంత క్రిములు ఎలాగూ ఉంటాయి, వాటితో మనకు పేచీ లేదు. బయటి నుంచి వచ్చి చేరినవి నోట్లోకి పోనంత తగ్గితే చాలు. కడిగిన చేతిని ఆరనివ్వకుండా, లేదా మాసిన లుంగీకి తుడుచుకుని అన్నానికి కూర్చుంటే మాత్రం ఆ పని కొంత వృథా, ఎందుకంటే తడి చేయి క్రిములను పొడి చేయి కంటే సులువుగా అందుకుంటుంది, అందిస్తుంది.

మీ నీటి సంగతి వాడి కళ్ళతో వాడు చూడాలంటే ఖాళీ నీళ్ళ సీసాలు రెండు చాలు. ఒకదానిలో సగానికి బోరు నీళ్ళు, ఇంకొకదానిలో సగానికి క్యాన్ నీళ్ళు లేదా వాన నీళ్ళు పట్టి, రెండింటిలోనూ గోరంత సబ్బు తురుము, సరిగ్గా ఒకే అంత, వేసి మూత పెట్టి, ఇరవై సార్లు ఊపమనండి. క్యాన్ నీళ్ళ సీసాలో నురగ నిలుస్తుంది. బోరు నీళ్ళ సీసాలో నీరు పాలలా తెల్లబడి, పైన పొలుసులు తేలతాయి. అప్పుడు బోరు సీసాలోకి మళ్ళీ గోరంత, మళ్ళీ గోరంత తురుము వేసి ఊపుతూ, ఎన్నోసారికి నురగ నిలిచిందో లెక్కపెట్టమనండి. ఎన్నిసార్లకో నాకు ఒక ఉత్తరం ముక్క రాయించండి, మీ బోరు నీరు ఎంత గట్టిదో ఆ అంకెను బట్టి నేను సుమారుగా చెప్పగలను.